తప్పు బ్యాటరీదేనా?

మా బావ కారుకి కొత్త బ్యాటరీ వేసి మూడు నెలలే. మొన్న పొద్దున తాళం తిప్పితే టక్ టక్ మని ఆగిపోయింది. షాపతను ‘ఈసారి ఏజీఎం వేయించండి, సీసీఏ ఎక్కువ’ అన్నాడు. మళ్లీ వేలకు వేలా?

సీసీఏ అంటే మైనస్ 18 డిగ్రీల చలిలో 30 సెకన్లపాటు బ్యాటరీ ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె. మా విజయవాడలో అంత చలెక్కడిది! ఇక్కడ బ్యాటరీని తినేసేది ఎండే. ఇక ఏజీఎంలో యాసిడ్‌ని గాజుపీచు పొరలు పీల్చుకుని ఉంటాయి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగి, మళ్లీ స్టార్టయ్యే కార్లకి అది మేలు. బావది మామూలు కారు.

మల్టీమీటర్ పెట్టి చూశా. 11.9 వోల్టులు. నిండుగా ఉంటే 12.6 దాకా ఉండాలి. పక్కింటివాళ్ల కారు నుంచి కేబుల్స్ వేసి స్టార్ట్ చేశాం. కేబుల్స్ తీశాక, ఇంజిన్ నడుస్తుండగానే మళ్లీ చూస్తే 12.1! అసలు దొంగ అక్కడ దొరికాడు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ కారుకి కరెంటిచ్చేది, బ్యాటరీని నింపేది ఆల్టర్నేటర్. అది సరిగ్గా ఉంటే మీటర్ 14కి అటూ ఇటూ చూపిస్తుంది. ఇక్కడ లైట్లు, ఏసీ ఫ్యాను బరువంతా బ్యాటరీ ఒక్కటే మోస్తోంది. ఏజీఎం వేసినా అదీ ఇలాగే ఖాళీ అయ్యేది.

ఆటో ఎలక్ట్రీషియన్ ఆల్టర్నేటర్ విప్పితే లోపల కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉన్నాయి. అవి మార్చాక 14.2 వచ్చింది. బ్యాటరీని రాత్రంతా మెల్లగా చార్జింగ్‌లో పెట్టించాం. ఇప్పటికీ అదే నడుస్తోంది.