కిటికీ పక్కన కాఫీ

కుప్పం హాస్టల్ గదిలో కిటికీ గట్టు మీద ఒక కెటిల్, మదనపల్లె బజారులో కొన్న చిన్న స్టీలు ఫిల్టరు. కాఫీకి ఇంతకన్నా పెద్ద ఖర్చు అక్కర్లేదు. పొడి చికోరీ కలిసినదే, అదీ వంద గ్రాములే. పొట్లం విప్పాక వాసన ఎన్నాళ్లో నిలవదు.

పై గిన్నెలో మూడు చెంచాలు వేసి మెల్లగా ఒత్తుతాను. గట్టిగా ఒత్తితే బొట్టు దిగదు. వదులుగా ఉంటే నీళ్లు గబగబా జారిపోయి డికాక్షన్ పలచనవుతుంది. నీళ్లు మరిగాక అర నిమిషం ఆగి పోస్తాను. ఇక పావుగంట ఎదురుచూపే. ఇంట్లో ఈ పావుగంట అమ్మది. మేం నిద్రలో ఉండేవాళ్లం. ఆ కాసేపూ ఆమె ఏం ఆలోచించుకునేదో ఎప్పుడూ అడగలేదు.

పాల దగ్గరే చిక్కు. కెటిల్‌లో కాస్తే అడుగంటుతాయి, పొంగి మూతిలోంచి కారతాయి, ఆ మాడు వాసన తర్వాతి నీళ్లనూ వదలదు. అందుకే పాలపొడి. ముందు గోరువెచ్చని నీళ్లలో ఉండలు లేకుండా ముద్దగా కలిపి, ఆపైన వేడినీళ్లు పోయాలి. పుంగనూరు ఆవుపాల చిక్కదనం ఎరిగిన తాతయ్య దీన్ని కాఫీ అంటాడా? అనుమానమే. పక్క గది తమిళబ్బాయికి మాత్రం అలాంటి పట్టింపుల్లేవు, వాసన పట్టి గ్లాసుతో వచ్చేస్తాడు. రెండో డికాక్షన్ ఎప్పుడూ వాడికే.