మధ్యలో ఒక గడి

మన ఇళ్ళలో భార్యాభర్తలు మాట్లాడుకోవడం మానేస్తే ఇల్లేం ఆగిపోదు. పిల్లల మీదుగా నడుస్తుంది. "మీ నాన్నను భోజనానికి రమ్మను", "గ్యాసు బండ చెప్పమని మీ అమ్మతో అను". ఇద్దరూ ఆ గదిలోనే ఉంటారు. ఒకరి మాట ఒకరికి వినబడుతూనే ఉంటుంది. అయినా ఆ పిల్ల అటూ ఇటూ తిరిగి చెప్పాల్సిందే. ఇలాంటి ఇంట్లో పెరిగే పద్నాలుగేళ్ళ అమ్మాయి మీద కథ రాయాలని నాకు చాలా రోజులుగా ఉంది. మా వీధి ఆడపిల్లలు సెలవులకి నా దగ్గర పుస్తకాలు పట్టుకెళ్తారు. వాళ్ళ కోసం.

ఆ అమ్మాయికి భవాని అని పేరు పెట్టాను. ఊరు మా అత్తిలే. వాళ్ళ నాన్న కొల్లేరు వైపు ఎవరితోనో కలిసి చేపల చెరువు లీజుకు తీసుకున్నాడు. డబ్బు చాలక అమ్మ హారం తాకట్టు పెట్టాడు. చేప పోయింది, హారం బ్యాంకులోనే ఉండిపోయింది. ఆ రోజు నుంచి ఇంట్లో మాటలు లేవు. భవాని మామూలుగానే తక్కువ మాట్లాడే పిల్ల. దానికి వచ్చిందల్లా చదరంగం. తాడేపల్లిగూడెంలో టోర్నమెంటు ఉందంటే స్కూలు మాష్టారితో బస్సెక్కింది.

ఇంతవరకూ నా చేతిలో పనే. ఆట దగ్గర మాత్రం మా మరిది కొడుకును కూర్చోబెట్టుకున్నాను. వాడు టోర్నమెంట్లకు తిరుగుతాడు. మొదట నేను, అమ్మాయి చివరి నిమిషంలో మంత్రిని బలిచ్చి ఆట కట్టించినట్టు రాద్దామన్నాను. "అది సినిమా పెద్దమ్మా. ఇంట్లో గొడవని ఓర్చుకుంటున్న పిల్ల అలా ఆడదు, కాపాడుకునే ఆట ఆడుతుంది" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది.

ఇంకో సంగతీ వాడే చెప్పాడు. ఈ టోర్నమెంట్లలో ఓడిన వాళ్ళు ఇంటికి వెళ్ళిపోరు. స్విస్ పద్ధతి అంటారు. గెలిస్తే ఒక పాయింటు, సమానమైతే అర, ఓడితే సున్నా. ప్రతి రౌండులోనూ వీలైనంత వరకూ సమాన పాయింట్లున్న వాళ్ళనే ఎదురెదురుగా కూర్చోబెడతారు. అందుకని మొదటి ఆట పోయినా అన్ని రౌండ్లూ ఆడాల్సిందే. మన కోనేరు హంపి సంగతే చూడండి. కొల్లేటికి అవతల గుడివాడలో 1987లో పుట్టి, 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. 2024 డిసెంబరులో న్యూయార్కులో మహిళల ప్రపంచ ర్యాపిడ్ పోటీలో మొదటి రౌండే ఓడింది. అప్పటికి ఒక బిడ్డ తల్లి కూడాను. పదకొండు రౌండ్లు అయ్యేసరికి ఎనిమిదిన్నర పాయింట్లతో ఛాంపియన్ అయింది. కాబట్టి మా భవాని కూడా మొదటి ఆట ఓడిపోతుందని రాసుకున్నాను.

కథకు ప్రాణం చివరి రౌండు. బోర్డు మీద దాదాపు అన్నీ అయిపోయాయి. ఎదుటి అబ్బాయికి తెల్ల రాజూ, ఒక బంటూ మిగిలాయి. భవానికి నల్ల రాజు ఒక్కటే. ఆ బంటు చివరి వరసకు చేరితే మంత్రి అవుతుంది, ఆట అయిపోతుంది. చూసేవాళ్ళందరూ భవాని పని అయిపోయిందనే అనుకుంటారు.

మా వాడు రాజుల్ని పెట్టి చూపించాడు. రెండు రాజులూ ఒకే నిలువు వరసలో ఎదురెదురుగా ఉన్నాయి, మధ్యలో ఒకే ఒక ఖాళీ గడి. రాజు పక్కన రాజు నిలబడకూడదు కాబట్టి ఆ గడిలోకి ఇద్దరిలో ఎవరూ రాలేరు. నల్ల రాజు తన చివరి వరసకు ఒక గడి ముందు ఉంది. తెల్ల బంటు తెల్ల రాజుకి సరిగ్గా వెనకాల ఉంది. "ఇప్పుడు ఎవరి వంతు అన్నదే ముఖ్యం. ఎవరు కదలాలో వాళ్ళే దారివ్వాలి. దీన్ని అపోజిషన్ అంటారు" అన్నాడు. వంతు నల్లదైతే నల్ల రాజు పక్కకు జరగాలి, తెల్ల రాజు రెండో పక్క నుంచి ముందుకు దూరిపోతుంది, బంటు వెనకే వస్తుంది. వంతు తెల్లదైతే మాత్రం భవాని బతుకుతుంది.

వంతు తెల్లదే. తెల్ల రాజు ఎడమకు జరిగితే, నల్ల రాజు కూడా అటే జరిగి మళ్ళీ ఎదురుగా నిలబడుతుంది. విసుగెత్తి ఆ అబ్బాయి బంటును ముందుకు తోస్తాడు. నల్ల రాజు వచ్చి బంటుకు అడ్డం నిలబడుతుంది. బంటు ఇంకో గడి వస్తుంది, ఇక వెనక్కి తగ్గక తప్పదు. ఇక్కడే పిల్లలు తప్పు చేస్తారట. గడియారం పరుగెడుతుంటుంది, కంగారులో రాజును ఏటవాలుగా వెనక్కి తీస్తారు. ముట్టుకున్న పావును కదపాల్సిందే, కదిపి వదిలాక మార్చడానికి లేదు. ఏటవాలుగా వెళ్తే తెల్ల రాజు ఎదురుగా వచ్చి నిలబడుతుంది, అపోజిషన్ అటు పోతుంది, ఆట పోతుంది. సరిగ్గా నిటారుగా వెనక్కి వెళ్తే, తెల్ల రాజు ఏ పక్క నుంచి ముందుకొచ్చినా, నల్ల రాజు ఆ పక్కకే జరిగి ఎదురు నిలబడగలదు. బంటు ఇంకో గడి ముందుకొచ్చి చెక్ చెబుతుంది, నల్ల రాజు బంటు ముందుకు వస్తుంది. ఇక తెల్ల రాజుకు రెండే దార్లు. బంటును వదులుకోవాలి, లేదా దాని వెనక నిలబడి కాపాడాలి. కాపాడితే నల్ల రాజుకు చెక్ ఉండదు, కదలడానికి ఒక్క గడీ ఉండదు. అదే స్టేల్‌మేట్. ఆట సమానం, చెరో అర పాయింటు.

నేను నాలుగుసార్లు ఆడించుకుని చూశాను. చూస్తుంటే నాకు ఆ ఇల్లు కనబడింది. ఎదురెదురుగా ఇద్దరు, మధ్యలో ఎవరూ అడుగుపెట్టని గడి. ముందు కదిలినవాళ్ళు ఓడినట్టు. ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు ఏటవాలుగా తప్పుకోకుండా తిన్నగా వెనక్కి తగ్గాలో భవానికి బోర్డు మీద ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. ఇంట్లో ఆ పిల్ల రోజూ చేస్తున్నది అదే.

అయితే ముగింపు దగ్గర ఆగిపోయాను. స్టేల్‌మేట్‌కు బోర్డు మీద అర పాయింటు వస్తుంది. ఇంట్లో ఎవరూ కదలకపోతే ఎవరికీ ఏమీ రాదు. తాకట్టు మీద వడ్డీ మాత్రం నడుస్తుంటుంది. పైగా ఆ అమ్మాయి రాజు కాదు. ఆ ఖాళీ గడిలో నిలబడింది తనే. తను అటూ ఇటూ మాటలు మోస్తున్నంత కాలం, పెద్దవాళ్ళిద్దరికీ వంతు రానే రాదు.

అర పాయింటు కప్పు తెచ్చిందనీ, కప్పు చూసి అమ్మానాన్నా కలిసిపోయారనీ రాయలేదు. మా వీధి పిల్లలు అది నమ్మరు. కొందరి ఇళ్ళు నాకు తెలుసు. కథలో భవాని రాత్రి బస్సు దిగి ఇంటికొస్తుంది. అమ్మ వంటింట్లోంచి అంటుంది, "హారం వడ్డీ కట్టే తేదీ దగ్గర పడిందని మీ నాన్నతో చెప్పు." నాన్న అరుగు మీదే ఉన్నాడు. భవాని చెప్పుల పట్టీ విప్పుకుంటూ, గొంతు పెంచకుండా, "నాన్న ఇక్కడే ఉన్నాడమ్మా, నువ్వే చెప్పు" అంటుంది. లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కుంటుంది.

ఆ తరవాత వాళ్ళు మాట్లాడుకున్నారో లేదో నేను రాయలేదు. మా మరిది కొడుకు చదివి, "ఇప్పుడు వంతు వాళ్ళది పెద్దమ్మా" అన్నాడు. మా వీధిలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి మాత్రం కాగితాలు తిరిగిస్తూ, "అలా అంటే వాళ్ళమ్మ కొట్టలేదా ఆంటీ?" అని అడిగింది. ఆ పిల్లను కూర్చోబెట్టి అన్నం పెట్టాను. ఆ సాయంత్రం చాలాసేపు మాట్లాడింది.