పెళ్ళిళ్ళ సీజనులో కరెంటు కోతలు

2012 వేసవిలో మా మండల కేంద్రంలో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్ళు లేరు. మాకు డీటీపీ షాపే జీవనాధారం. పైగా పెళ్ళిళ్ళ సీజను.

కొత్త కంప్యూటరు వచ్చాక కష్టం ముదిరింది. కరెంటు పోగానే యూపీఎస్‌లో రిలే టక్కుమనేది. మానిటర్ వెలుగుతూనే ఉండేది, సీపీయూ మాత్రం ఆరిపోయేది. పేజ్‌మేకర్‌లో సగం చేసిన శుభలేఖ గల్లంతు. ఒకసారి ఫైలు తిరిగి తెరుచుకోనే లేదు. పెళ్ళికూతురి తండ్రి బెంచీ మీద కూర్చుని ఉండగా మొత్తం మళ్ళీ టైపు చేశాను. చేతులు వణికాయి.

బ్యాటరీ పోయిందన్నారు, మార్పించాం. అయినా అదే వరస. చివరికి మెకానిక్ కుర్రాడు మా పాత సీపీయూను అదే యూపీఎస్‌కు తగిలించి గోడ స్విచ్ ఆపాడు. అది ఆగకుండా నడిచింది. కొత్తదాని మూత విప్పి, ఎస్ఎంపీఎస్ స్టిక్కర్ మీద Active PFC అన్న మాట చూపించి, "రోగం ఇక్కడుందన్నా" అన్నాడు. చవక యూపీఎస్ బ్యాటరీ మీద నడిచేటప్పుడు దాని వోల్టేజి నున్నగా ఎక్కి దిగదు, మెట్లు మెట్లుగా మారుతుంది. ఈ రకం ఎస్ఎంపీఎస్ నున్నటి సైన్‌వేవ్‌ను అనుసరించి కరెంటు తీసుకునేలా తయారైంది. మెట్టు తగిలినప్పుడు ఒక్కసారిగా ఎక్కువ లాగొచ్చు. అప్పుడు యూపీఎస్ అయినా చేతులెత్తేస్తుంది, ఎస్ఎంపీఎస్ అయినా తనను తాను ఆపుకుంటుంది.

ఇక కెపాసిటీ సంగతి. మా యూపీఎస్ 600 వీఏ, అంటే 360 వాట్లు. కంప్యూటరు, మానిటరు కలిపి 200 వాట్ల లోపే కాబట్టి లోడు మోయగలదు. ఎంతసేపన్నది మాత్రం బ్యాటరీ చేతిలో ఉంది. లోపలున్నది 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ. హెచ్చవేస్తే 84 వాట్-అవర్లు, అదీ కాగితం మీదే. ఆ లోడుకు పావుగంట నిలవడం కూడా కష్టమే. మాకేమో కోత గంటల తరబడి. ఆ యూపీఎస్‌కే పెద్ద బ్యాటరీ తగిలిద్దామని కొందరన్నారు, కుర్రాడు గట్టిగా వద్దన్నాడు. చిన్న యూపీఎస్ కాసేపటికి సరిపడా వేడినే తట్టుకుంటుంది, దాని ఛార్జరు పెద్ద బ్యాటరీని నింపలేదు.

అప్పు చేసి ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టరూ, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ తీసుకున్నాం. డబ్బు కట్టేముందు మా సీపీయూను షాపుకు మోసుకెళ్ళి, ఫైలు తెరిచి ఉండగానే మెయిన్ ఆపించి చూశాను. నష్టాలు పోగా ఆ బ్యాటరీ మా లోడుకు ఐదారు గంటలు వస్తుంది. ఖాళీ అయితే నిండడానికి పది గంటలకు పైగా పడుతుంది కనుక, రాత్రీ పగలూ కోతలుంటే ఆ లెక్క నిలవదు. లేజర్ ప్రింటర్‌ను ఇన్వర్టరుకు కలపలేదు, వేడెక్కేటప్పుడు అది కంప్యూటరు కంటే ఎన్నో రెట్లు లాగుతుంది. నెలనెలా బ్యాటరీలో నీటిమట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ పోస్తాం. ఇన్వర్టరు వెనక ఉన్న చిన్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లోనే ఉండాలి. రెండో మోడ్‌లో మార్పిడికి ఎక్కువ సమయం పట్టి, సైన్‌వేవ్ ఉన్నా కంప్యూటరు రీస్టార్ట్ కావచ్చు.