మాటను ఒకసారి తిరగేసి చూడుండ్రి

మన జనగామ, మానుకోట, భూపాలపల్లి రైతుల వాట్సాప్ గ్రూపులల్ల పొద్దున లేవంగనే పచ్చని చేను ఫోటో మీద ఇసొంటి మాటలు వస్తుంటయి: "మట్టిలోని మౌనమే విత్తనంలోని శక్తి". చదవంగనే ఎంత లోతుగ చెప్పిండ్రో అనిపిస్తది.

ఇప్పుడు దాన్ని తిరగేయుండ్రి: "విత్తనంలోని మౌనమే మట్టిలోని శక్తి". ఇది కూడా అంతే బాగుంది గదా! మాటలు తారుమారు చేసినా ఏమీ చెడలేదంటే, మొదటి దాంట్ల చెప్పిందే ఏమీ లేదన్నట్టు.

మరి ఎందుకు మోసపోతం? మౌనం, శక్తి అనేవి మనకు బరువైన మాటలు. వాక్యం కూడా సక్కగనే ఉంటది. అర్థం కాకపోతే తప్పు మాటది అనుకోం, మనకే తెలుస్తలేదనుకొని మనమే ఏదో అర్థం పెట్టుకుంటం. 2015లో కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీకి చెందిన గోర్డన్ పెన్నీకుక్, ఆయన తోటి పరిశోధకులు దీని మీదనే ఒక పేపర్ అచ్చేసిండ్రు. పెద్ద పెద్ద మాటలను కంప్యూటర్ తోని ఎట్ల పడితే అట్ల కలిపిన వాక్యాలు చూపించి, ఎంత లోతున్నదని అడిగిండ్రు. చానామంది ఎంతో కొంత లోతున్నదనే చెప్పిండ్రు.

ఇగ మన పెద్దల మాట చూడుండ్రి: రోహిణి కార్తెల రోళ్లు పగులుతయి. రోళ్లు నిజంగ పగలవు, అది ఎండను పెంచి చెప్పుడు. అయినా ఆ మాటకు కాలమున్నది, దాదాపు మే 25 నుంచి జూన్ 7 దాకా. "రోహిణిల చలి పెడతది" అని తిరగేస్తే చిన్న పిల్లలు కూడా నవ్వుతరు. అంటే అది ఏదో చెప్తున్నది.

అసలు నష్టం మందు డబ్బా కాడ. "పైరు అంతర్గత శక్తిని మేల్కొలుపుతుంది" అని పాంప్లెట్ మీద రాసుంటది. ఈ మాట ఏ డబ్బా మీదైనా రాయొచ్చు. అమ్మేటాయనను ఒక్కటే అడుగుండ్రి: "కొట్టినంక ఎన్ని రోజులకు నా పత్తిల ఏం మారుతది?" "పదిహేను రోజులల్ల గూడ రాలుడు తగ్గుతది" అన్నడనుకోండి, అప్పుడు అది మాట. ఎందుకంటే అది తప్పయితే మనకు కండ్లకు కనపడతది.

కానీ అర్థమున్న మాటంతా నిజం కాదు. అది చేన్లనే తేలాలె. ముందు చిన్న డబ్బా తెచ్చి చేను నడుమ నాలుగు సాళ్లకు కొట్టి, పక్కన నాలుగు సాళ్లు ఇడిసిపెట్టుండ్రి. నీళ్లు, ఎరువు రెండింటికీ ఒక్కతీరు ఉండాలె. కొట్టే ముందట, మళ్ల పదిహేను రోజులకు, రెండు దిక్కులా పది పది చెట్ల కింద రాలిన గూడ లెక్కపెట్టుండ్రి. తేడా కనిపిస్తేనే మిగిలిన చేనుకు పైసలు పెట్టుండ్రి.

ఏం మారుతదో చెప్పలేనోడి డబ్బాకైతే ఈ నాలుగు సాళ్లు కూడా దండుగే.