ఐదు రోజుల బస్సు, పదివేల సార్లు

వైవాలో నన్ను కూలేసిన ప్రశ్న చాలా చిన్నది. "మీన్ కదులుతుందా?"

మినీ ప్రాజెక్ట్ కోసం ఐదు రోజులు మా కాలేజీ బస్సు ప్రయాణ సమయం రాసుకున్నాను. 38, 45, 41, 52, 39 నిమిషాలు. సగటు 43. స్టాండర్డ్ డీవియేషన్ 5.7. దాన్ని రూట్ ఐదుతో భాగిస్తే 2.55, 1.96తో గుణిస్తే దాదాపు ఐదు. అంటే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 38 నుంచి 48. (దీనికి పుస్తకంలో తెలుగు మాట ఏదున్నా, నా నోటికి వచ్చేది మాత్రం ఇదే.) "అసలు సగటు ఈ మధ్యలో ఉండే అవకాశం 95 శాతం సార్" అన్నాను, ధీమాగా.

ఎక్స్‌టర్నల్ గారు నవ్వి ఆ ప్రశ్న వేశారు. ఆ రూట్‌లో బస్సు అసలు సగటు ఏదో ఒక స్థిరమైన సంఖ్య. అది కదలదు. 38, 48 కూడా కాగితం మీద అచ్చయిపోయాయి. మరి ఆ 95 దేనిది? నేను నోరు మూసుకున్నాను.

ఆ రాత్రి హాస్టల్‌లో ల్యాప్‌టాప్ తెరిచి, నిజం ముందే తెలిసిన ఒక ప్రపంచం తయారుచేసుకున్నాను. అసలు సగటు 43 అని నేనే పెట్టాను. అందులోంచి ఐదేసి రోజులు తీసి, ప్రతిసారీ కొత్త ఇంటర్వెల్ కట్టి, 43 అందులో పడిందో లేదో లెక్కపెట్టాను.

```python
import numpy as np
rng = np.random.default_rng()
hits = 0
for _ in range(10000):
    x = rng.normal(43, 6, 5)
    m = x.mean()
    se = x.std(ddof=1) / 5**0.5
    if m - 1.96*se <= 43 <= m + 1.96*se:
        hits += 1
print(hits / 10000)
```

ముందు వంద మాత్రమే తీసి, ఒక్కో ఇంటర్వెల్‌ని ఒక్కో అడ్డగీతగా గీశాను. 43 దగ్గర ఒక నిలువు గీత. అప్పుడు అర్థమైంది. నిలువు గీత కదలట్లేదు, అడ్డగీతలే అటూ ఇటూ జరుగుతున్నాయి. జాతరలో రింగులాట లాంటిదే ఇది. సబ్బు పెట్టె పెట్టిన చోటే ఉంటుంది, మనం వేసే రింగు మారుతుంది. 95 అనేది వేసే చేతికి ఉన్న లెక్క. పడ్డాక ఆ రింగులో సబ్బు ఉన్నట్టే, లేదా లేనట్టే. తేడా ఏంటంటే, నిజం బస్సు విషయంలో మనం కళ్ళు మూసుకుని ఒకే ఒక్క రింగు వేస్తాం. 

ఇక్కడితో పడుకోవాల్సింది. కానీ 43ని తాకని గీతలు ఐదు ఉంటాయనుకుంటే పదమూడు వచ్చాయి. మళ్ళీ నడిపితే పదకొండు. పదివేల సార్లు నడిపితే, ఎన్నిసార్లు చూసినా 0.88 దగ్గరే ఆగుతోంది. పదివేలల్లో అదృష్టం వల్ల వచ్చే ఊగిసలాట అర శాతం కూడా ఉండదు, ఏడు శాతం తేడా ఊరికే రాదు. మొదట `ddof=1` మర్చిపోయానేమో అని చూశాను (అది లేకపోతే ఇంకా కిందకి పడుతుంది). ఉంది. రూమ్మేట్ లేచి, "ఒంటిగంటయిందిరా, లైట్ ఆపు" అన్నాడు.

దొరికింది గీతల్లోనే. తప్పిన వాటిలో చాలావరకు పొట్టివి. ఐదు రోజులే తీసుకున్నప్పుడు, అవి ఒక్కోసారి యాదృచ్ఛికంగా దగ్గర దగ్గరగా వస్తాయి. అప్పుడు డీవియేషన్ తక్కువగా కనిపించి, ఇంటర్వెల్ అనవసరమైన ధైర్యంతో ఇరుకైపోతుంది. 1.96 అనేది అసలు డీవియేషన్ తెలిసినవాళ్ళకి. మనం దాన్ని కూడా అదే ఐదు రోజుల నుంచి ఊహిస్తున్నాం. 1908లో గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసే గాసెట్ తేల్చింది ఇదే. ఆ పేపర్ మీద ఆయన పెట్టుకున్న పేరు "స్టూడెంట్". ఐదు శాంపిళ్ళకి ఆయన పద్ధతిలో వచ్చే సంఖ్య 2.776. కోడ్‌లో అది మార్చగానే 0.95 వచ్చింది.

అంటే నా రిపోర్ట్‌లో 38 నుంచి 48 తప్పు. 36 నుంచి 50 ఉండాలి. వైవాలో ఎవరూ పట్టుకోలేదు, మార్కులు కూడా వేసేశారు. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఊగిసలాడి, బైండింగ్‌కి ఇచ్చేముందు మా గైడ్ మేడమ్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. "పేజీ మార్చి ఇవ్వు" అని మాత్రం అన్నారు. వెళ్తుంటే వెనక నుంచి, "బస్సు టైమ్ నార్మల్‌గా ఉంటుందని ఎవరు చెప్పారు నీకు?" అని అడిగారు.

నిజమే కదా. బస్సు 35 నిమిషాల కంటే తొందరగా రాదు, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మాత్రం గంట దాటుతుంది. ఒకవైపే తోక. `rng.normal` తీసేసి `35 + rng.exponential(8, 5)` పెట్టాను. సగటు అదే 43. 2.776తోనే నడిపినా, కవరేజ్ మళ్ళీ 90 కిందకి జారిపోయింది.

మా బస్సు ఈ రెండు ప్రపంచాల్లో దేనికి దగ్గరో ఐదు రోజుల లెక్క చెప్పలేదు. పేజీ మార్చాను, కింద ఆ మాట కూడా ఒక లైన్ రాశాను. ఇప్పుడు రోజూ బస్సెక్కగానే టైమ్ రాసుకుంటున్నాను. నిన్నటికి ఇరవై మూడు రోజులు.