నాలుగో తేదీ తర్వాత చూద్దాం

2024 ఎన్నికల ప్రచారంలో నేను ఢిల్లీ ఇంట్లో గడిపిన రాత్రులను వేళ్ల మీద లెక్కించవచ్చు. ఆ రోజుల్లోనే మా మల్లి మరణానికి సమీపిస్తోంది. పదమూడేళ్ల కిందట మా వీధిలోనే దొరికిన మామూలు ఊరకుక్క. మార్చిలో చేయించిన రక్తపరీక్షలో క్రియాటినిన్ 5.6 అని వచ్చింది. మూత్రపిండాలు దాదాపు చివరి దశకు చేరాయని, ఇక వారాలే గాని సంవత్సరాలు లేవని పశువైద్యుడు స్పష్టంగానే చెప్పారు.

ఆనాటి నుంచి రోజూ సాయంత్రం నా భార్య దాని భుజాల మధ్య చర్మాన్ని గుడారంలా పైకి లేపి, సూది గుచ్చి, 250 మిల్లీలీటర్ల రింగర్ లాక్టేట్ ఎక్కించేది. ఆ ద్రవం రక్తంలో పేరుకున్న మలినాలను కొంత పలుచన చేస్తుంది, వికారాన్ని తగ్గిస్తుంది. పాడైన మూత్రపిండాన్ని మాత్రం తిరిగి తేలేదు. మరుసటి ఉదయం కుక్క కాస్త తేరుకోవడం చూసి, జబ్బే వెనకడుగు వేసిందని నేను భ్రమపడేవాణ్ణి.

మే 13న తెలుగు రాష్ట్రాల పోలింగు ముగించుకుని ఇంటికి వచ్చాను. వైద్యుడు ఒక కాగితం ఇచ్చి ఉన్నారు. అమెరికాకు చెందిన పశు క్యాన్సర్ వైద్యురాలు ఆలిస్ విలలోబోస్ రూపొందించిన కొలమానం అది. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువగా ఉన్నాయా అన్నది: ఈ ఏడింటికీ పదేసి మార్కులు. మొత్తం 35 దాటితే, సంరక్షణ కొనసాగించడానికి అర్థం ఉన్నట్టు.

నేను 41 వేశాను. నా భార్య విడిగా వేసిన మొత్తం 26.

నేను గుమ్మంలో అడుగుపెట్టగానే మల్లి లేచి తోక ఊపింది. నా మార్కులన్నీ ఆ ఒక్క నిమిషానివే. తక్కిన ఇరవై మూడు గంటలనూ ఆమె చూసింది. ‘‘మీరు వచ్చినప్పుడు లేస్తుంది. మీరు వెళ్లాక మళ్లీ ఎప్పుడు లేస్తుందో మీకు తెలియదు కదండీ’’ అంది. నొప్పి దగ్గర నేను ఎనిమిది వేయడానికి కారణం మల్లి మూలగకపోవడమే. ఈ జబ్బులో బాధ కేకలుగా బయటపడదట. పెదవులు పదేపదే నాక్కోవడం, లాలాజలం గుటకలు వేయడం, పెరుగన్నం దగ్గరికి ఆశగా వచ్చి వాసన చూసి తల తిప్పుకోవడం, నోట్లో పుండ్లు, అమోనియా కంపు కొట్టే శ్వాస: ఇవే దాని భాష. ఒక్కరోజు మనోగతాన్ని చూసి ఫలితం రాయవద్దని కుర్ర విలేఖరులకు పాఠాలు చెప్పిన మనిషిని నేను.

ఆమె గోడ క్యాలెండరు మీద పగటికి ఒక గుర్తు, రాత్రికి ఒక గుర్తు పెట్టసాగింది. మే 25 నాటికి పది రోజుల్లో ఏడు రాత్రులు కొట్టివేతలే. 27న వైద్యుణ్ణి ఇంటికి రమ్మని చెప్పాం. ఆ ఉదయం మల్లి ఒక ఉడికించిన గుడ్డు తిన్నది. తనంతట తానే నడిచి వేపచెట్టు నీడకు వెళ్లింది. నేను ఫోను చేసి రావద్దని చెప్పేశాను. ‘‘జూన్ 4 అయిపోనీ, అప్పుడు చూద్దాం’’ అన్నాను. ఓట్ల లెక్కింపు తేదీకీ ఒక కుక్క ఆయువుకూ ఏమి సంబంధమో నా భార్య అడగలేదు.

ఆ తర్వాతి రెండు రాత్రులూ వాంతులే. ఎండ 45 డిగ్రీలు దాటిన ఆ వారంలో, లేవలేక తన మూత్రంలోనే పడుకుని, శుభ్రం చేస్తున్న మా చేతులను చూసి సిగ్గుపడినట్టు తల పక్కకు వాల్చింది. ప్రాణం నిలిపే చికిత్స వద్దని మనిషి ముందుగానే రాసి ఉంచవచ్చని 2018లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు ఆ తీర్పు గురించి వ్యాసాలు రాశాను. మల్లి ఏమీ రాసి ఉంచలేదు. దాని తరఫున క్యాలెండరు చెబుతూనే ఉంది. వినవలసినవాణ్ణి వాయిదా వేశాను.

27న రావలసిన వైద్యుడు 30న వచ్చారు. మొదట కండరంలోకి మత్తుసూది. పది నిమిషాల్లో తల నా భార్య ఒడిలోకి ఒరిగింది. ఆ తర్వాతే ముంగాలి సిరలోకి అధిక మోతాదు మత్తుమందు. కళ్లు మూతపడవని, ఆగిన తర్వాత కూడా ఒకటి రెండు శ్వాసలు వచ్చినట్టు అనిపించవచ్చని, అది బాధ కాదని ఆయన ముందే చెప్పారు. చెప్పకపోతే ఆ చివరి ఎగశ్వాసకు నేను తట్టుకోలేకపోయేవాణ్ణి.

తొందరపడ్డామేమోనన్న బాధ చాలామందిని వేధిస్తుందని వైద్యుడు అన్నారు. నన్ను వేధిస్తున్నది ఆ మూడు రోజులు. జూన్ 4 అర్ధరాత్రి ఇంటికి చేరి, అలవాటు ప్రకారం అది అడ్డంగా పడుకునే చోట కాలు పెద్దగా చాచి దాటాను. వంటింట్లో వాడని సెలైన్ సీసాలు మూడు మిగిలి ఉన్నాయి. మే నెల కాగితాన్ని ఇంకా ఎవరమూ తిప్పలేదు.