లోగో ఎవరి మిల్కియత్?

మధురానగర్‌లో మా ఖాలా కొడుకు బిర్యానీ, హలీమ్ మసాలాలు ప్యాక్ చేసి అమ్ముతాడు. పేరు, లోగో, మూడు ప్యాకెట్లు చేయించాలని ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకున్నాడు. ఫిల్మ్‌నగర్ ఏజెన్సీ లక్షా ఇరవై వేలంది. అమీర్‌పేటలో ఇద్దరు నడిపే స్టూడియో యాభై ఐదు వేలంది. యూసుఫ్‌గూడ ఫ్రీలాన్సర్ ఇరవై ఎనిమిది వేలన్నాడు. "భాయ్, సస్తాలో అయిపోతోంది కదా" అన్నాడు.

ముందు కాగజ్ మీద మూడింటినీ ఒకే కొలతకు తెమ్మన్నాను. ఏజెన్సీ లెక్కలో నలభై ఐదు వేలు సోషల్ మీడియాకే. అది మనకు అక్కర్లేదు, తీసేస్తే డెబ్భై ఐదు. ఫ్రీలాన్సర్ ఇచ్చేది లోగో మాత్రమే. ప్యాకెట్‌కు ఆరు వేల చొప్పున మూడింటికి పద్దెనిమిది కలిపితే నలభై ఆరు. స్టూడియోలో ప్యాకెట్లు కూడా కలిసే ఉన్నాయి. ఇరవై ఏడు వేల ఫరక్ తొమ్మిది వేలకు దిగింది.

తర్వాత పాత పనులు. ఫోన్‌లో చూపించేవి కాదు, అచ్చయి బజార్‌లో అమ్ముడైన ప్యాకెట్లు తెమ్మన్నాం. ఏజెన్సీవి సినిమా టైటిళ్లు, ఖూబ్‌సూరత్‌గా ఉన్నాయి. కానీ ఆ సన్నటి గీతలు హోర్డింగ్ మీద నిలుస్తాయి, యాభై గ్రాముల పౌచ్ మీద ఇంకులో మునిగిపోతాయి. ఫ్రీలాన్సర్ నమూనాలో ఉర్దూ అక్షరాలు ఒకదానికొకటి కలవకుండా విడివిడిగా, ఎడమ నుంచి కుడికి పడ్డాయి. సాఫ్ట్‌వేర్‌లో కుడి నుంచి రాసే సెట్టింగ్ పెట్టకపోతే ఇలాగే అవుతుంది. తెలుగులో ఒత్తులు పక్కకు జారడం కూడా ఇలాంటిదే. ఉర్దూ చదివినవాళ్లకు ఒక్క చూపులో తెలిసిపోతుంది, రానివాళ్లు అలాగే అచ్చు వేయించేస్తారు. స్టూడియోవాళ్లు ఉర్దూ పేరును ఖుష్‌నవీస్‌తో చేత్తో రాయించి, దాన్ని కంప్యూటర్‌లో గీస్తారట. ఆ ప్యాకెట్ చూపించారు, నుక్తాలు చిన్న సైజులోనూ విడిగా కనిపించాయి.

పని తీరు గురించి రెండే సవాళ్లు. గీసేది ఎవరు? మార్పులు ఎన్నిసార్లు? ఏజెన్సీలో మాట్లాడినాయన గీయడు, గీసేవాళ్లను మనకు కలపడు. స్టూడియోవాళ్లు మూడు నమూనాలు, రెండుసార్లు మార్పులు అని రాసిచ్చారు. "ఎన్నిసార్లయినా మారుస్తాం" అనే మాట కంటే ఇదే నయం. హద్దు ఉంటే మనవాళ్లు కూడా ఇంట్లో మష్వరా చేసుకుని ఒకేసారి చెబుతారు.

మిగిలింది హక్కు. డబ్బు ఇచ్చాం కాబట్టి లోగో మనదే అనుకుంటాం. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం, మీ దగ్గర నౌకరీలో లేని కళాకారుడు గీసిన బొమ్మ మీద మొదటి హక్కు మామూలుగా అతనిదే. అది మీకు రావాలంటే అతని దస్తఖత్‌తో రాతపూర్వక బదిలీ కావాలి. అందులో ముద్దత్ రాయకపోతే అయిదేళ్లకే పరిమితం. మూడు ప్రపోజల్స్‌లోనూ ఈ మాట లేదు. అడిగితే స్టూడియోవాళ్లు ఒక పేరా చేర్చారు: ఆఖరి కిస్తు అందిన రోజున పూర్తి హక్కు, కాపీరైట్ గడువు మొత్తానికి, ప్రపంచమంతటా. దాంతోపాటు ఎంత పెద్దది చేసినా చెదరని వెక్టర్ ఫైళ్లు.

ఫైసలా అక్కడే అయింది, యాభై ఐదు వేలకు. పేరు రిజిస్ట్రేషన్ వేరే పని. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్‌లో ఆ పేరు ఇంకెవరికైనా ఉందా అని అడ్వాన్స్ ఇవ్వకముందే వెతికించాను. అందుకు రుసుమేమీ లేదు.